థైరాయిడ్ ఆపరేషన్ ప్రశ్న: కాల్షియం ఆప్షన్ తప్పెలా అవుతుంది?

స్రవంతి_గుంటూరు

నార్సెట్ కోసం రాసిన ఒక మాక్ టెస్ట్‌లో వచ్చింది ఈ ప్రశ్న. హాస్టల్ రూమ్‌లో నలుగురం నిన్న రాత్రి నుంచి దీని మీదే కొట్టుకుంటున్నాం. ఇద్దరం ఒకవైపు, ఇద్దరు ఇంకోవైపు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో రాస్తున్నాను.

42 ఏళ్ల మహిళకి టోటల్ థైరాయిడెక్టమీ అయి 5 గంటలైంది. మెడ బిగుసుకుపోయినట్టు ఉందనీ, ఉమ్ము మింగడం కష్టంగా ఉందనీ అంటోంది. కుదురుగా ఉండలేకపోతోంది. నోటి చుట్టూ తిమ్మిరిగా ఉందంటోంది. నొప్పి 10కి 7. పల్స్ 112, బీపీ 138/86, శ్వాస నిమిషానికి 26, సాచురేషన్ 95 శాతం. డ్రెస్సింగ్ పొడిగా ఉంది. నర్స్ ముందుగా ఏం చేయాలి?

1. డాక్టర్ రాసిన నొప్పి ఇంజెక్షన్ ఇవ్వాలి.
2. సీరం కాల్షియంకి శాంపిల్ పంపి, కాల్షియం గ్లూకోనేట్ సిద్ధంగా పెట్టాలి.
3. మంచం తలవైపు ఎత్తి, శ్వాస శబ్దం వింటూ, మెడ వాపునీ మెడ వెనుక భాగాన్నీ చూడాలి.
4. డ్రెస్సింగ్ మీద ఇంకో పొర వేసి, 15 నిమిషాల తర్వాత మళ్లీ వైటల్స్ తీయాలి.

కీలో 3 ఇచ్చారు. నేను 2 అంటున్నాను. థైరాయిడ్ తీసేటప్పుడు పారాథైరాయిడ్‌లు దెబ్బతింటే కాల్షియం పడిపోతుంది, నోటి చుట్టూ తిమ్మిరి దానికి మొదటి గుర్తు అని మొదటి సంవత్సరం నుంచి చదువుతున్నాం కదా. సాచురేషన్ 95 ఉంది, డ్రెస్సింగ్ తడవలేదు. ఇక శ్వాసకి వచ్చిన ముప్పేంటి? తప్పు రాస్తే మూడో వంతు మార్కు పోతుంది కాబట్టి అడుగుతున్నాను.

ఆప్షన్_సి_రాజా

ఇంత ఆలోచించే ప్రశ్నే కాదండి ఇది. ముందు ఎయిర్‌వే, తర్వాత బ్రీతింగ్, ఆ తర్వాత సర్క్యులేషన్. నాలుగు ఆప్షన్లలో శ్వాస అనే మాట ఎక్కడుందో చూడండి, దాన్ని టిక్ చేయండి, ముందుకు వెళ్లిపోండి. పది సెకన్ల పని. మిగతా మూడూ చదవాల్సిన అవసరం కూడా లేదు.

ఐసీయూ_లలిత

రాజా, జవాబు సరిపోయింది గానీ దారి సరైంది కాదు. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు స్రవంతి ప్రశ్న.

స్రవంతీ, నువ్వు చెప్పిన ఆప్షన్ తప్పు పని కాదు. ఆ పేషెంట్‌కి కాల్షియం పంపాలి, నేనైనా పంపిస్తాను. కానీ ప్రశ్న "ఏం చేయాలి" అనలేదు, "ముందుగా ఏం చేయాలి" అంది. ఇలాంటి ప్రశ్నల్లో ఒకటి కంటే ఎక్కువ ఆప్షన్లు చేయదగినవే ఉంటాయి. నొప్పి 7 ఉన్నవాళ్లకి ఇంజెక్షన్ ఇవ్వడం కూడా తప్పు కాదు కదా. ఆ పని చేస్తూ ఉండగా ఈ మనిషికి ఏమవుతుందన్నదే అసలు లెక్క.

ప్రశ్నలో 5 గంటలు అని ఊరికే పెట్టలేదు. కాల్షియం పడిపోవడం సాధారణంగా ఒకటి రెండు రోజులకి తేలుతుంది, ఎక్కువగా 24 నుంచి 72 గంటల మధ్య. మెడ లోపల రక్తం కారి గడ్డగా పేరుకునే ముప్పు మాత్రం మొదటి 24 గంటల్లోనే ఎక్కువ, అందులోనూ మొదటి ఆరు గంటలు. అది అరుదుగానే వస్తుంది, కానీ వస్తే టైమ్ ఇవ్వదు. మెడ బిగుతు, మింగలేకపోవడం, కుదురు లేకపోవడం, శ్వాస 26, పల్స్ 112. ఈ ఐదింటినీ పక్కపక్కన పెట్టి చూడు. తిమ్మిరి ఒక్కటే నీ కంట్లో పడింది, ఎందుకంటే పుస్తకంలో దాని కింద గీత గీసుకున్నాం.

ఇక డ్రెస్సింగ్. మెడ లోపల రక్తం కారితే అది పైకి రావాలని ఏమీ లేదు. కండరాల పొరల కింద మూసి ఉన్న చోట పేరుకుంటుంది. బయటికి వచ్చినా మనిషి వెల్లకిలా పడుకుని ఉంటుంది కాబట్టి పక్కల నుంచి మెడ వెనక్కి జారుతుంది. ముందువైపు డ్రెస్సింగ్ తెల్లగానే కనిపిస్తుంది. అందుకే ఆప్షన్ 3లో మెడ వెనుక చూడాలని రాశారు. చెయ్యి మెడ కిందకి పోనిచ్చి, తీసి, గ్లవ్ చూసుకోవాలి.

ఆప్షన్ 4 నాలుగింటిలో చెడ్డది. వాపుని చూడాల్సిన చోట ఇంకో పొర కప్పుతున్నాం, పైగా పావుగంట పోగొడుతున్నాం.

వరంగల్_దివ్య

నేను స్రవంతి వైపే. మా అమ్మకి పోయిన సంవత్సరం ఇదే ఆపరేషన్ అయింది. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని, మూతి చుట్టూ చీమలు పాకుతున్నట్టు ఉందని చెప్పింది. సిస్టర్ వెంటనే శాంపిల్ తీసి డాక్టర్‌కి ఫోన్ చేసింది, కాల్షియం ఎక్కించారు, గంటలో తగ్గింది. మెడ వెనుక ఎవరూ చూడలేదు. మరి వాళ్లు చేసింది తప్పంటారా?

ఐసీయూ_లలిత

దివ్యా, అమ్మగారికి ఆ తిమ్మిరి ఎప్పుడొచ్చింది? ఆపరేషన్ రోజునా, మర్నాడా?

వరంగల్_దివ్య

రెండో రోజు సాయంత్రం. అప్పటికి ఇడ్లీ కూడా తిన్నది. మామూలుగా మాట్లాడుతూనే ఉంది.

ఐసీయూ_లలిత

అదీ తేడా. రెండో రోజు, మెడ బిగుతు లేదు, ఇడ్లీ మింగింది, శ్వాస మామూలుగా ఉంది. అక్కడ కాల్షియమే మొదటి పని, ఆ సిస్టర్ చక్కగా చేసింది. ఈ ప్రశ్నలోనే 5 గంటలు తీసి 40 గంటలు పెట్టి, శ్వాస 16 చేసి, మింగడంలో ఇబ్బంది తీసేస్తే కీ కూడా 2 అవుతుంది.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. కాల్షియం మరీ పడిపోతే స్వరపేటిక కండరాలు బిగుసుకుని ఊపిరి ఆడకపోవచ్చు. రెండో రోజు పేషెంట్‌కి ఊపిరి పీల్చేటప్పుడు కూత వస్తే అప్పుడు కాల్షియం కూడా ఎయిర్‌వే సమస్యే. ట్రేలో కాల్షియం గ్లూకోనేట్, ట్రాకియాస్టమీ సెట్ రెండూ పక్కపక్కనే పెట్టమనేది అందుకే.

ఏసీఎల్ఎస్_ప్రసాద్

మీరంతా పాత పాఠం చెప్పుకుంటున్నారు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2010లోనే ఏబీసీని మార్చి సీఏబీ చేసింది. ఇప్పుడు సర్క్యులేషన్ ముందు. కాబట్టి పల్స్ 112, బీపీ చూసి ఐవీ లైన్, ఫ్లూయిడ్స్ అన్న ఆప్షన్ ఉండాల్సింది. అది లేదు కాబట్టి ప్రశ్నే తప్పు.

ట్యూటర్_మాధవి

ప్రసాద్ గారూ, 2010 మార్పు నిజమే. కానీ అది స్పృహ లేక, పల్స్ లేక పడి ఉన్న మనిషికి సీపీఆర్ మొదలుపెట్టే వరుస. అక్కడ గుండె ఆగిపోయింది కాబట్టి ఛాతీ నొక్కడం ముందు. ఈ పేషెంట్ మెడ బిగుసుకుపోతోందని మీతో మాట్లాడుతోంది. బీపీ 138. ఈవిడకి సీఏబీ ఎందుకు?

సర్క్యులేషన్ ముందుకు వచ్చే ఇంకో సందర్భం ఉంది. కాలు తెగి రక్తం చిమ్ముతుంటే ముందు అక్కడ గట్టిగా నొక్కుతాం, ఎయిర్‌వే తర్వాత. ట్రామా వాళ్లు అలాగే నేర్పుతారు. ఈ ప్రశ్నలో మాత్రం అదేం లేదు.

ఏసీఎల్ఎస్_ప్రసాద్

సరే, కార్డియాక్ అరెస్ట్ కాదు, ఒప్పుకుంటాను. కానీ పల్స్ 112 అంటే లోపల రక్తం పోతున్నట్టే కదా. మీరే రక్తం కారుతోందంటున్నారు. అయితే అది సర్క్యులేషన్ సమస్య కాదా?

ఐసీయూ_లలిత

రక్తం కారడమే, కానీ చంపేది రక్తం పోవడం కాదు. మెడలో పట్టే రక్తం ఎంతని? షాక్‌లోకి వెళ్లేంత పోకముందే ఊపిరి ఆగిపోతుంది. ఆ గడ్డ శ్వాసనాళాన్ని నేరుగా నొక్కడం కొంత. అంతకంటే పెద్ద సమస్య, అది మెడలోని సిరల్నీ లింఫ్ దారుల్నీ నొక్కేస్తుంది. రక్తం కిందికి దిగక స్వరపేటిక చుట్టూ నీరు పట్టి లోపలి నుంచి ఉబ్బుతుంది. అప్పుడు ట్యూబ్ వేద్దామని అనస్థీషియా డాక్టర్ లారింగోస్కోప్ పెట్టినా స్వర తంత్రులు కనిపించవు. ఆలస్యమయ్యే కొద్దీ ట్యూబ్ వేయడం కష్టమవుతుంది. మంచం తలవైపు ఎత్తడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, ఆ సిరల ఒత్తిడి కొంతైనా తగ్గేది దానితోనే.

స్రవంతి_గుంటూరు

లలితక్కా, టైమ్ గురించి అర్థమైంది. కానీ రెండు సందేహాలు మిగిలాయి. 5 గంటలకి కాల్షియం పడదంటే ఆ తిమ్మిరి ఎక్కడి నుంచి వచ్చింది? ప్రశ్న రాసినవాళ్లు మమ్మల్ని బుట్టలో వేయడానికి ఊరికే పెట్టారా? రెండోది, సాచురేషన్ 95 ఉంటే ఎయిర్‌వే సమస్య అని ఎలా అనుకోవాలి?

లీడ్స్_సునీత

నేను చెప్పనా? ఇక్కడ ఇంగ్లాండ్‌లో సర్జికల్ వార్డులో చేస్తున్నాను.

తిమ్మిరి సంగతి. శ్వాస నిమిషానికి 26 అని ఉంది చూడండి. కంగారులో మనిషి గబగబా ఊపిరి తీస్తే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది, రక్తం క్షారం వైపు జరుగుతుంది. అప్పుడు రక్తంలోని కాల్షియం ఇంకొంచెం ప్రోటీన్‌కి అతుక్కుపోతుంది. నరాలకి పనికొచ్చే అయనైజ్డ్ కాల్షియం తగ్గి మూతి, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. పరీక్ష హాల్లో టెన్షన్‌తో గబగబా ఊపిరి తీసే పిల్లలకి వేళ్లు కొంకర్లు పోతాయే, అదే. అంటే ఈ పేషెంట్ తిమ్మిరి శ్వాస వల్ల వచ్చింది కావచ్చు. మీరు పంపే టోటల్ కాల్షియం రిపోర్టు గంట తర్వాత నార్మల్ అని వస్తుంది, ఆ గంటలో మెడ ఎంత ఉబ్బుతుందో ఎవరికి తెలుసు.

సాచురేషన్ సంగతి. గొంతు దగ్గర దారి సన్నబడినప్పుడు మనిషి కష్టపడి, ఎక్కువసార్లు ఊపిరి లాగుతూ నెట్టుకొస్తుంది. ఆక్సిజన్ చాలాసేపు బాగానే కనిపిస్తుంది. అది పడిపోయేసరికి ఆలస్యమైపోయినట్టే. మాస్క్‌తో ఆక్సిజన్ పెడితే ఇంకా మోసం, 99 చూపిస్తుంది. అంకె పడటం కోసం చూడకూడదు. ఊపిరి లాగేటప్పుడు శబ్దం, గొంతు మారడం, పూర్తి వాక్యం చెప్పలేకపోవడం, పడుకోమంటే లేచి కూర్చోవడం, ఇవి ముందు కనిపిస్తాయి. ఇక్కడ 2022లో వచ్చిన మార్గదర్శకాల్లో కంగారుని కూడా ఒక గుర్తుగా చేర్చారు.

ఆప్షన్_సి_రాజా

చూశారా, చివరికి నేను చెప్పిందే. శ్వాస ఉన్న ఆప్షన్ పెట్టేస్తే ఇదంతా చదవక్కర్లేదు.

ట్యూటర్_మాధవి

రాజా, ఇదిగో నీకొకటి. మా పిల్లలకి ఇస్తుంటాను. షిఫ్ట్ మొదట్లో నలుగురు పేషెంట్లున్నారు, ఎవరి దగ్గరికి ముందు వెళ్తావు?

ఒకాయనకి చాలా ఏళ్లుగా సీఓపీడీ. 2 లీటర్ల ఆక్సిజన్ మీద సాచురేషన్ 90, శ్వాస 22, పేపర్ చదువుకుంటున్నాడు. రెండో ఆయనకి తొడ దగ్గర నుంచి యాంజియోగ్రామ్ చేసి 2 గంటలైంది. నడుం కింద తడిగా ఉందంటున్నాడు, పల్స్ 124, బీపీ 92/60. మూడో ఆవిడకి న్యుమోనియా, జ్వరం 102, దగ్గుతోంది, సాచురేషన్ 94. నాలుగో అతనికి హెర్నియా ఆపరేషన్, నొప్పి 8.

ఆప్షన్_సి_రాజా

సీఓపీడీ. సాచురేషన్ 90, బ్రీతింగ్.

ట్యూటర్_మాధవి

ఆయనకి 90 మామూలు. సీఓపీడీ వాళ్లలో చాలామందికి 88 నుంచి 92 మధ్య ఉంచడమే లక్ష్యం. పేపర్ చదువుకుంటున్నాడు కూడా. న్యుమోనియా ఆవిడ దగ్గుతోంది, 94 ఉంది, ఆవిడకి కాసేపు ఆగే ఓపిక ఉంది. రెండో ఆయన తొడ నుంచి రక్తం పరుపులోకి పోతోంది, బీపీ అప్పటికే దిగిపోయింది. జవాబు ఆయనే. ముందు చెయ్యి పెట్టి పైనున్న ధమనిని గట్టిగా నొక్కి, అక్కడి నుంచే సాయం కోసం కేకేయాలి.

ఇక్కడ సీ అన్న అక్షరం ఏ, బీ అక్షరాలకంటే ముందొచ్చింది. ఎందుకంటే వాళ్లిద్దరి శ్వాసకి ఈ క్షణంలో ఏమీ కాలేదు. ఏబీసీ వరుస ఇప్పుడు చెడుతున్నవాటి మధ్య పెట్టే వరుస. ఊపిరితిత్తుల జబ్బు అని పేరు కనిపించగానే బీ అని ముద్ర వేయకు.

ఆప్షన్_సి_రాజా

మేడమ్, పరీక్షలో అంత టైమ్ ఎక్కడిది? పది ప్రశ్నల్లో ఎనిమిదింటికి నా పద్ధతి పనిచేస్తుంది. ఆ రెండూ పోతే పోనీ.

కువైట్_జోసెఫ్

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. ఒక్క మాట. ఆప్షన్ 3లో ఉన్నది ఎక్కువ భాగం చూడటమే కదా. మెడ చూడాలి, శబ్దం వినాలి. ప్రశ్నలోనే గుర్తులన్నీ ఇచ్చేశారు. ఇంకా చూస్తూ కూర్చుంటే ఎలా? "వెంటనే సర్జన్‌ని పిలవాలి" అని ఐదో ఆప్షన్ ఉంటే మీరేది పెడతారు? నా ప్రోమెట్రిక్ పరీక్షలో దాదాపు ఇలాంటిదే వచ్చింది. నేను డాక్టర్‌ని పిలవాలనే పెట్టాను. పాసయ్యాను గానీ ఆ ఒక్కటీ సరైందో కాదో ఇప్పటికీ తెలీదు.

ఐసీయూ_లలిత

జోసెఫ్, మంచి మెలిక పెట్టావు. మంచం తలవైపు ఎత్తడం చూడటం కాదు, పనే. అది రెండు సెకన్లు పడుతుంది, ఫోన్ దగ్గరికి వెళ్లకముందే అయిపోతుంది. మెడ కింద చెయ్యి పెట్టి చూడటానికి ఇంకో పది సెకన్లు. ఆ తర్వాత ఫోన్‌లో "మెడ కుడివైపు ఉబ్బింది, గొంతు మారింది, వెనుక రక్తం ఉంది" అని చెప్తే సర్జన్ పరిగెత్తుకు వస్తాడు. "పేషెంట్ కంగారుగా ఉంది సార్" అంటే వచ్చే రౌండ్‌లో చూస్తానంటాడు. కాబట్టి ఈ గుర్తుల వరకైతే నేను 3 పెడతాను.

కానీ ప్రశ్నలో కూత స్పష్టంగా వినిపిస్తోందని, మెడ ఉబ్బిందని ముందే చెప్పేసి ఉంటే చూడటం అయిపోయినట్టే. అప్పుడు సాయం కోసం పిలవడమే జవాబు, పేషెంట్‌ని వదలకుండా అక్కడి నుంచే.

ట్యూటర్_మాధవి

ఇక్కడ నేను లలిత గారితో పూర్తిగా ఏకీభవించను. మింగలేకపోవడం, బిగుతు, కుదురు లేకపోవడం, ఈ మూడూ కలిస్తే పిలవడానికి అంతే చాలు. ఐదో ఆప్షన్ ఉంటే ఈ ప్రశ్నకి రెండు కీలు సమర్థించవచ్చు, అలాంటి ప్రశ్నని నేనైతే పేపర్‌లో పెట్టను.

లీడ్స్_సునీత

పిలిచాక ఏంటన్నది ఇంకో గొడవ. సర్జన్ వచ్చేలోగా ఊపిరి ఆగిపోతుంటే ఇక్కడి 2022 మార్గదర్శకాల ప్రకారం మంచం దగ్గరే కుట్లు కత్తిరించి, చర్మం, కింద కండరాల పొర తెరిచి గడ్డని బయటికి వదలాలి, ఆపైన గాజ్ గుడ్డ పెట్టాలి. దానికి కావాల్సిన పెట్టె మంచం పక్కనే ఉంటుంది. ట్రైనింగ్ ఉన్నవాళ్లు ఎవరైనా చేయొచ్చు, సర్జనే కావాలని లేదు. మా వార్డులో ఏటా బొమ్మ మీద చేయిస్తారు.

ఐసీయూ_లలిత

మన దగ్గర నర్స్ కుట్లు విప్పితే రేపు సంజాయిషీ ఎవరిస్తారు? నేను పనిచేసిన చోట కత్తెర ట్రేలో ఉండేది గానీ అది డాక్టర్ చేతికి అందించడానికే. నార్సెట్‌లో అలాంటి ఆప్షన్ వస్తే ఏం పెట్టాలో నాకు కూడా ఖాయంగా చెప్పడం కష్టం.

వరంగల్_దివ్య

అక్కా, పేషెంట్ చనిపోతుంటే సంజాయిషీ గురించి ఆలోచిస్తామా?

కువైట్_జోసెఫ్

దివ్యా, ఆలోచిస్తాం. నైట్ డ్యూటీలో ఒక్కడివే ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ ఆలోచిస్తాం. ట్రైనింగ్ ఇచ్చి, కాగితం మీద అనుమతి రాసిస్తే ఎవరైనా చేస్తారు.

స్రవంతి_గుంటూరు

మా రూమ్‌లో ఇప్పుడు ముగ్గురం 3 వైపు వచ్చాం. నాలుగో అమ్మాయి ఇంకా ఒప్పుకోవట్లేదు. తిమ్మిరి శ్వాస వల్లే వచ్చిందని ప్రశ్నలో ఎక్కడా రాయలేదు కదా, అది మనం ఊహించుకున్నదే అంటోంది. దానికేం చెప్పాలి?

లీడ్స్_సునీత

ఊహే. ఆమె చెప్పింది నిజం. కానీ ఊహ తప్పైనా జవాబు మారదని చెప్పండి. తిమ్మిరి నిజంగానే కాల్షియం వల్ల వచ్చినా, తలవైపు ఎత్తి మెడ చూడటానికి పట్టే పదిహేను సెకన్లలో కాల్షియం వల్ల ఆమెకి కొత్తగా జరిగే నష్టమేమీ లేదు. తిరగేసి చూడండి. లోపల రక్తం పేరుకుంటూ ఉంటే, ట్యూబ్‌లో శాంపిల్ తీసి, లేబుల్ అంటించి, ల్యాబ్‌కి మనిషిని పంపే ఐదు నిమిషాల్లో చాలా జరగొచ్చు.